రెండడుగుల టైలు రెండడుగులు ఉండదు

మా పడకగది 13 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. అంటే 143 చదరపు అడుగులు. రెండడుగుల టైలు ఒక్కోటి నాలుగు చదరపు అడుగులు కదా అని కొట్టులో 36 టైళ్లు లెక్క కట్టారు. తరుగుకు నూటికి పది కలిపి, మొత్తం 40 టైళ్లు, పెట్టెకు నాలుగు చొప్పున పది పెట్టెలు చాలన్నారు.

ఆ లెక్కతో తెచ్చి ఉంటే నేల నిండకుండానే టైళ్లు అయిపోయేవి.

మొదటి సంగతి, రెండడుగులంటే 61 సెంటీమీటర్లు. అదే పేరుతో అమ్మే టైలు చాలావరకు 60 సెంటీమీటర్లే ఉంటుంది. పెట్టె మీద 600 × 600 మి.మీ. అని ఉంటే అదే. సరిగ్గా పదడుగుల గోడకు ఐదు టైళ్లు పరిచినా చివర దాదాపు నాలుగు సెంటీమీటర్ల సందు మిగిలిపోతుంది.

రెండోది అసలు చిక్కు. టైళ్లు వరసల్లో పడతాయి కాబట్టి లెక్కా వరసల్లోనే వేయాలి. మా గది పొడవు 396 సెంటీమీటర్లు. అతుకు సందుతో కలిపి ఆరు టైళ్లు 361 తీసుకుంటాయి, ఇంకా 35 కావాలి. వెడల్పు 335లో ఐదు టైళ్లు 301 పోగా 34 మిగులుతుంది. రెండు వైపులా కావలసిన ముక్క సగం టైలు కంటే పెద్దది. అందుకే ఒక టైలు నుంచి ఒక ముక్కే వస్తుంది, మిగిలిన పాతిక సెంటీమీటర్ల పట్టీ నేలకు పనికిరాదు. ఏడు వరసలు, ఆరేసి టైళ్లు, మొత్తం 42. కావలసిన ముక్క సగం లోపే అయితే ఒక టైలు నుంచి రెండు తీయొచ్చు, అప్పుడు లెక్క తగ్గుతుంది. ముందుగా గోడలను రెండు మూడు చోట్ల కొలిచి పెద్ద కొలతే తీసుకోవాలి. మన గోడలు అన్ని చోట్లా ఒకే కొలతలో ఉండవు.

ఆ పట్టీలు వృథా పోలేదు. ఒక్కోదాని నుంచి నాలుగంగుళాల స్కర్టింగ్ ముక్కలు రెండేసి వచ్చాయి. తలుపు పోగా గోడల చుట్టుకొలత 45 అడుగులు, ముక్కలు కలిపితే 47 అడుగులు. స్కర్టింగ్‌కు వేరే టైళ్లు కొనలేదు.

కోతలో పగిలేవాటికి రెండు కలిపాం. 44 అంటే సరిగ్గా పదకొండు పెట్టెలు. టైళ్లు ఏటవాలుగా పరిచే గదిలో అయితే నాలుగు గోడల వెంటా మూలలు తెగుతాయి కాబట్టి తరుగు నూటికి పదిహేను దాకా పోతుంది.

పన్నెండో పెట్టె మరమ్మతుకు. ఎప్పుడో కుళాయి గొట్టం కోసం నేల తవ్వితే రెండు మూడు టైళ్లు పోతాయి. అదే డిజైను దొరికినా బట్టీలో కాల్చిన విడతను బట్టి రంగు కాస్త తేడాగా ఉంటుంది, కొలత కూడా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. అందుకే కొనేటప్పుడే అన్ని పెట్టెల మీదా షేడు, బ్యాచ్ నంబర్లు ఒకటేనా అని చూసుకుని ఆ పెట్టెను విప్పకుండా, టైళ్లు నిలువుగా ఉండేలా మెట్ల కింద పెట్టాం.