జన్యుమార్పిడి పంటలు: తెలుగునాట బి.టి. పత్తి, గులాబీ రంగు పురుగు

జన్యుమార్పిడి పంటలపై వెలువడే వ్యాసాలు సాధారణంగా లాభాలను ఒక పట్టికగాను, నష్టాలను మరొక పట్టికగాను పేర్కొని ముగుస్తాయి. ఒకే పంటలో లాభం ఏ క్రమంలో ప్రమాదంగా మారిందో తెలుసుకోవడానికి ఆ పద్ధతి చాలదు. అందుకు తెలుగు రైతు రెండు దశాబ్దాలకు పైగా సాగుచేస్తున్న బి.టి. పత్తి తగిన ఆధారం. వాణిజ్య సాగుకు మన దేశంలో తొలి అనుమతి పొందిన జన్యుమార్పిడి పంట ఇదే. కేంద్ర జన్యు ఇంజనీరింగ్ అనుమతుల కమిటీ 2002 మార్చిలో మూడు బి.టి. సంకరాలకు షరతులతో ఆమోదం తెలిపింది.

ఆ ఆమోదానికి ముందున్న పరిస్థితిని విస్మరించి బి.టి. పత్తిని అంచనా వేయడం న్యాయం కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ, 1997-98లో వరంగల్లు ప్రాంతంలో లద్దె పురుగు, శనగపచ్చ పురుగు పత్తిని తుడిచిపెట్టాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావని స్థితిలో అప్పుల పాలైన రైతులు అనేకులు ఆత్మహత్య చేసుకొన్నారు. కాయతొలుచు పురుగును మొక్కే చంపుతుందన్న మాట రైతుకు ఎంత ఆశగా వినిపించిందో ఈ నేపథ్యంలో గ్రహించవచ్చు.

మొక్కలోని విషం పనిచేసే తీరు

నేలలో సహజంగా ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఒక రకమైన ప్రోటీనును తయారుచేస్తుంది. దాని జన్యువును పత్తిలో ప్రవేశపెట్టగా ఆ ప్రోటీను మొక్క భాగాలలో తయారవుతుంది. పురుగు ఆకునో కాయనో కొరికినప్పుడు ఆ ప్రోటీను దాని క్షారయుతమైన పేగులో కరిగి, పేగు గోడలోని గ్రాహకాలకు అతుక్కొని రంధ్రాలు చేస్తుంది. పురుగు తినడం మాని చనిపోతుంది. మనిషి పేగులో అటువంటి గ్రాహకాలు లేవు. మొదటి తరం పత్తిలో ఉన్నది క్రై1ఎసి అనే ఒక్క జన్యువు. 2006లో వచ్చిన రెండవ తరంలో క్రై2ఎబి అనే మరొకటి చేరింది.

తొలి ఏళ్లలో కాయతొలుచు పురుగులపై మందుల వాడకం తగ్గిన మాట నిజం. దేశవ్యాప్తంగా 2002లో హెక్టారుకు సుమారు 300 కిలోలున్న దూది దిగుబడి 2007 నాటికి 550 కిలోలకు చేరింది. అయితే అదే కాలంలో ఎరువుల వాడకం, నీటి వసతి, రసం పీల్చే పురుగులపై విత్తనశుద్ధి మందులు కూడ పెరిగాయి. కనుక పెరుగుదల మొత్తాన్ని ఒక్క జన్యువు ఖాతాలో వేయడం అతిశయోక్తి. బి.టి. ప్రోటీను పచ్చదోమను, తెల్లదోమను ఏమీ చేయదన్న విషయం కూడ ఈ లెక్కలలో తరచు మరుగున పడుతుంది.

రెఫ్యూజీ పంట: కాగితం మీది షరతు

పురుగుల్లో ఈ విషాన్ని తట్టుకొనేవి మొదట బహు అరుదు. ఆ గుణం సాధారణంగా అంతర్గతమైనది. అంటే తల్లి నుండి, తండ్రి నుండి కూడ ఆ జన్యువు వస్తేనే పురుగు బతుకుతుంది. ఒకరి నుండే వస్తే చస్తుంది. అందువల్ల బి.టి. చేను పక్కన కొంత మామూలు పత్తి వేస్తే అక్కడ పెరిగిన లొంగే పురుగులు, బి.టి. చేనులో బతికిన ఒకటి రెండింటితో జతకడతాయి. వాటి పిల్లలు మళ్లీ బి.టి. మొక్కకు లొంగిపోతాయి. ఈ మామూలు పత్తికే రెఫ్యూజీ పంట అని పేరు.

చేను చుట్టూ 5 వరుసలు లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది, మామూలు పత్తి వేయాలని 2002 షరతు. అందుకోసం ప్రతి 450 గ్రాముల ప్యాకెట్‌తో 120 గ్రాముల బి.టి. కాని విత్తనం ఇచ్చారు. రెండెకరాల రైతు లెక్క చూస్తే, కనీసం 40 సెంట్లు పురుగుకు వదలాలి. ఆ నష్టం అతనిది, ఫలితం ఊరందరిది. చాలామంది ఆ పొట్లాన్ని పక్కన పడేయడానికి కారణం అజ్ఞానం ఒక్కటే కాదు. ఈ నియమాన్ని రాసినవారు విశాలమైన కమతాలను మనసులో పెట్టుకొన్నట్లు కనిపిస్తుంది.

శనగపచ్చ పురుగుకు కంది, శనగ, మిరప, టమాటా వంటి ఆహారం చుట్టూ ఉంటుంది గనుక దానికి సహజంగానే రెఫ్యూజీ దొరికింది. గులాబీ రంగు పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది. గుజరాత్‌లో అది మొదటి తరం పత్తిని తట్టుకొంటున్నదని 2010లో విత్తన సంస్థే ప్రకటించింది. రెండవ తరంలోని రెండు జన్యువులూ పనిచేస్తేనే ఒకటి మరొకదానికి అండ. ఒకటి అప్పటికే ఓడిపోవడంతో రెండవది ఒంటరిగా నిలిచింది. 2014-15 నాటికి గుజరాత్‌లో, ఆ తరువాత తెలుగు రాష్ట్రాలలో అదీ లొంగిపోయింది.

సంకర విత్తనం తెచ్చిన చిక్కు

ఇతర దేశాలలో ఎక్కువగా సూటి రకాలు ఉండగా మన దేశంలో బి.టి. పత్తి దాదాపు అంతా సంకరమే. దీనివల్ల ఏటా విత్తనం కొనవలసి వచ్చింది. చోడవరం ప్రాంతపు చెరకు రైతు తన తోటలోని ముచ్చెలనే నాటుకొని అదే రకాన్ని నిలుపుకోగలడు. పత్తి రైతుకు ఆ వీలు లేదు. 2006లో రూ. 1,600కు పైగా ఉన్న ప్యాకెట్ ధరలో జన్యువు రుసుమే రూ. 1,250. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌ను ఆశ్రయించి, ఆ ఏడాదే ధరను రూ. 750కి దించింది. ఈ విషయం విరివిగా చర్చకు వచ్చింది.

అంతగా చర్చకు రానిది జీవశాస్త్ర సంబంధమైన చిక్కు. సంకరం తల్లిదండ్రులలో సాధారణంగా ఒకదానిలోనే బి.టి. జన్యువు ఉంటుంది. సంకర మొక్కలోని ప్రతి కణంలో ఆ జన్యువు ఉన్నా, దాని కాయలోని గింజలు తరువాతి తరానివి. మెండెల్ నియమం ప్రకారం ఒక్క జన్యువు విషయంలో ప్రతి నాలుగు గింజలలో మూడింటికి అది ఉంటుంది, ఒకదానికి ఉండదు. గులాబీ రంగు పురుగు తినేది కాయలోని గింజలనే. ఒకే కాయలో విషమున్న గింజ, లేని గింజ దొరకడంతో పురుగుకు పూర్తి మోతాదు అందక, సగం తట్టుకొనేవి సైతం బతికే అవకాశం ఏర్పడుతుంది. పైగా పైరు వంద రోజులు దాటాక ప్రోటీను మోతాదు తగ్గుతుంది. ఈ పురుగు ఉద్ధృతి సరిగ్గా అప్పుడే. నీరున్న చోట పత్తిని వేసవి దాకా ఉంచడం దాని సంతతికి మరింత మేలు చేసింది.

చైనా అనుభవం ఇక్కడ ఆసక్తికరం. యాంగ్జీ లోయ రైతులు చౌకగా దొరికిన రెండవ తరం సంకర విత్తనం విత్తారు. అందులో నాలుగో వంతు మొక్కలు బి.టి. లేనివి. అవి తెలియకుండానే రెఫ్యూజీ అయి, 2010 తరువాత అక్కడి గులాబీ రంగు పురుగులో తట్టుకొనే గుణం తగ్గింది. విభజన ఒకటే, ఫలితం వేరు: గింజల మధ్య విభజన పురుగుకు మేలు చేయగా, మొక్కల మధ్య విభజన పంటకు మేలు చేసింది. అమెరికా రెఫ్యూజీతో పాటు, తరువాత గొడ్డు రెక్కల పురుగులను వదలడం వంటి చర్యలతో 2018లో ఈ పురుగును తన పత్తి నుండి నిర్మూలించినట్లు ప్రకటించింది. కాబట్టి తప్పు జన్యువుదా, దానిని వాడిన పద్ధతిదా అన్న ప్రశ్నకు రెండవదే బలమైన సమాధానం.

చేనులో ఈ పురుగును పైనుండి చూసి పోల్చడం కష్టం. పిల్ల పురుగు తొలిచిన రంధ్రం పూడుకుపోతుంది. మందు లోపలికి చేరదు. రేకులు విచ్చుకోక ముడుచుకొన్న గుడ్డిపూలు మొదటి గుర్తు. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడినా, కోసి చూసిన 20 పచ్చికాయలలో రెండింటిలో బతికున్న పురుగులు కనిపించినా చర్య తీసుకోవలసిన స్థాయి దాటినట్లే. ఇపుడు మామూలు విత్తనాన్ని వేరు పొట్లంగా ఇవ్వక బి.టి. విత్తనంలోనే 5 శాతం కలిపి అమ్ముతున్నారు. రైతు పాటించనవసరం లేని నియమంగా ఇది మెరుగే కాని, పురుగు ఓడించిన జన్యువుకు అది ఆలస్యంగా వచ్చిన కాపు.

ఇంతలో కలుపుమందును తట్టుకొనే పత్తి అనుమతి లేకుండానే రెండు తెలుగు రాష్ట్రాల చేలలోకి ప్రవేశించింది. కూలీ ఖర్చు తగ్గుతుందన్న ఆకర్షణ దానికి బలం. అనుమతి లేని విత్తనానికి రెఫ్యూజీ షరతు గాని, నాణ్యతకు పూచీ గాని లేదు. 2018లో రెండు ప్రభుత్వాలూ గ్లైఫోసేట్ అమ్మకంపై ఆంక్షలు పెట్టినా, విత్తనం మాత్రం చేతులు మారుతూనే ఉన్నది.