ఆందోళన నుదుట, గర్వం వెన్నులో

సినిమా షూటింగుకో యానిమేషనుకో ముందు కథను వరుస బొమ్మలుగా గీసుకోవడాన్ని స్టోరీబోర్డ్ అంటారు. 1930ల తొలి ఏళ్లలో డిస్నీ స్టూడియోలో ఇది ఒక పద్ధతిగా కుదురుకుంది. మన దగ్గర దర్శకుడు బాపు తన సన్నివేశాలను ముందే కాగితం మీద బొమ్మలుగా గీసుకునేవారు. స్టోరీబోర్డ్ బొమ్మకు మెరుగులు అక్కర్లేదు. కానీ ఆ నాలుగు గీతల్లోనే పాత్ర మనసు తెలిసిపోవాలి. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఒక సన్నివేశం అనుకుందాం. పల్లెటూరి బస్టాపు, చీకటి పడుతోంది. తల్లి కూతురి కోసం ఎదురుచూస్తోంది. పోలీసు ట్రైనింగ్ సంగతి ఇంట్లో చెప్పని ఆ కూతురు ఎస్సై యూనిఫాంలో బస్సు దిగుతుంది. తల్లి ముందు ఆందోళన పడాలి, తర్వాత ఆశ్చర్యపోవాలి, చివరికి గర్వపడాలి.

‘తల్లి ఆందోళనగా నిలబడి ఉంది’ అని రాసిస్తే ఆర్టిస్టుకు ఏమీ అందదు. పెన్సిల్‌తో ఆందోళనను గీయలేరు, కనుబొమనూ చేతినీ గీయగలరు. ఆందోళనలో కనుబొమల లోపలి కొసలు పైకి లేస్తాయి, అదే సమయంలో దగ్గరకు జరుగుతాయి. నుదుటి మధ్యలో ముడతలు పడతాయి. లోపలి కొసలు లేవకుండా కిందికి దిగి ముడిపడితే చూసేవాళ్లకు అది కోపంలా అనిపిస్తుంది. కొత్తగా గీసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

బస్టాపు మొత్తం కనిపించే దూరపు షాట్‌లో నుదురు చుక్కంత కూడా ఉండదు. అప్పుడు భారం చేతుల మీద పడుతుంది. మనిషి కలత పడితే చేయి తన ఒంటినో బట్టనో పట్టుకుంటుంది. అందుకే వర్ణన ఇలా ఉంటే బాగుంటుంది: ‘తల్లి కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. భుజాలు పైకి బిగుసుకున్నాయి. ఒంటి బరువంతా ఒక కాలి మీదే ఉంది. మెడ మాత్రం బస్సు వచ్చే దారి వైపు సాగింది.’ ఇందులో భావం పేరు ఎక్కడా లేదు, గీయడానికి మాత్రం నాలుగు పనులున్నాయి.

ఆశ్చర్యం సంగతి వేరు. అది రెప్పపాటు భావం. ఒకటి రెండు క్షణాల్లో సంతోషంగానో భయంగానో మారిపోతుంది. కాబట్టి ఒక్క బొమ్మలో ఇరికిస్తే తేలిపోతుంది. కనీసం రెండు బొమ్మలు కావాలి. మొదటి బొమ్మలో తల్లి కళ్లు బస్సు తలుపు మీద ఉంటాయి, వేలు ఇంకా కొంగు చుట్టుకుంటూనే ఉంటుంది. రెండో బొమ్మలో అంతా ఆగిపోతుంది. కొంగు వేలి నుంచి జారుతుంది, తల కాస్త వెనక్కి వెళుతుంది, కనుబొమలు విల్లులా వంగి లేస్తాయి, దవడ వదులుగా దిగుతుంది. ఆ వదులు చాలా ముఖ్యం. కనుబొమలు లేచి దగ్గరకు లాక్కుని, పెదవులు అడ్డంగా సాగితే అది భయమవుతుంది. తల్లి కూతుర్ని చూసి జడుసుకుందని ప్రేక్షకుడు అనుకుంటాడు.

గర్వాన్ని ముఖంలోనే వెతికేవాళ్లకు అది దొరకదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు జెస్సికా ట్రేసీ, రిచర్డ్ రాబిన్స్ చేసిన పరిశోధనల్లో గర్వానికి గుర్తులుగా తేలినవి ఇవి: విచ్చుకున్న ఛాతీ, కొద్దిగా వెనక్కి వాలిన తల, చిన్న చిరునవ్వు, నడుం మీద పెట్టుకున్న చేతులో పైకెత్తిన చేతులో. ట్రేసీ, డేవిడ్ మాట్సుమోటోతో కలిసి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ జూడో క్రీడాకారుల ఫొటోలను పరిశీలించారు. పుట్టు అంధులైన క్రీడాకారులు కూడా గెలిచినప్పుడు అలాగే తల ఎత్తి ఛాతీ విప్పారు. ఎవరినీ చూసి నేర్చుకునే వీలు వాళ్లకు లేదు. 2008లో అచ్చయిన ఈ ఫలితం బొమ్మలు గీసేవాళ్లకు ఎంతో విలువైనది.

కాబట్టి మన తల్లి గర్వాన్ని క్లోజప్‌లో పెట్టకూడదు, కనీసం నడుం దాకా చూపాలి. బిగుసుకున్న భుజాలు దిగి వెనక్కి వెళతాయి, వెన్ను నిటారవుతుంది. అయితే పల్లెటూరి తల్లి ఆటగత్తెలా చేతులు పైకెత్తదు. జారిన కొంగు సర్దుకుంటుంది, పక్కన నిలబడ్డవాళ్ల వైపు ఒక్కసారి చూస్తుంది. గడ్డం మరీ పైకెత్తి, నవ్వు తీసేస్తే మాత్రం అది పొగరుగా కనిపిస్తుంది.

గీశాక బొమ్మలోని మనిషిని పూర్తిగా నల్లరంగుతో నింపి చూడటం యానిమేటర్లకు పాత అలవాటు. ముఖం మాయమయ్యాక కూడా బస్టాపులో ఎదురుచూసే తల్లికీ, కూతుర్ని చూసి నిటారుగా నిలబడ్డ తల్లికీ తేడా తెలియాలి. కథ తెలియని ఒకరికి ఆ నల్లబొమ్మలు చూపించి, ఈమెకు ఏమైందని అడగండి. వాళ్లు తడుముకుంటే ముఖానికి గీతలు చేర్చకండి, వెన్నునూ చేతులనూ మళ్లీ గీయండి.