మెసేజ్ నిండా ప్రశ్నార్థకాలు: అందులో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

బెంగళూరులో తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో శుభకార్యాల పిలుపులు, సంఘాల సమావేశాల కబుర్లు, ఒక్కోసారి చావు కబుర్లు కూడా ఇప్పుడు ఫోన్‌లో మెసేజ్‌గానే వస్తున్నాయి. వాటిలో కొన్ని అక్షరం లేకుండా వస్తాయి. వరసగా ప్రశ్నార్థకాలో, రెండు కామాలో, ఒక్క చుక్కో ఉంటుంది. అది చూసి ఒకరు కోపంగా పంపారనుకుంటారు, ఇంకొకరు ఏదో ఆపద అనుకుంటారు, మరొకరు పనికిరాని మెసేజ్ అని చెరిపేస్తారు. ఈ మూడూ పొరపాటే కావచ్చు. అసలు అవి ఎలా పుడతాయో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ముందు ప్రశ్నార్థకాల సంగతి చూద్దాం. ఫోన్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. మామూలు ఎస్సెమ్మెస్ ఇంగ్లీషు అక్షరాల కోసం పుట్టింది, కాబట్టి ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు, కన్నడకు యూనికోడ్ పద్ధతి కావాలి. అందులో ఒక్కో అక్షరానికి ఎక్కువ చోటు పట్టి, మెసేజ్‌కు 70 మాత్రమే పడతాయి. పంపే చోట ఎవరైనా యూనికోడ్ ఎంచుకోకుండా ఇంగ్లీషు పద్ధతిలోనే పంపితే, ఆ యంత్రానికి తెలుగు అక్షరం ఏమిటో తెలియదు. తెలియని ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. ఇద్దరు మనుషులు ఫోన్ నుంచి ఫోన్‌కు పంపుకునే మెసేజ్‌లలో ఇది అరుదు. ఒకేసారి వందల మందికి పంపే సాఫ్ట్‌వేర్‌లలోనే ఎక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. పంపినవారు రాసింది ఇది:

```
అన్నయ్య, ఆదివారం 15న ఉదయం 10:30కి పూజ ఉంది.
```

మనకు చేరేది ఇది:

```
???????, ??????? 15? ???? 10:30?? ??? ????.
```

అంకెలు, కామా, చుక్క, మాటల మధ్య ఖాళీలు అలాగే మిగిలాయి. అవి ఇంగ్లీషు పద్ధతిలోనూ ఉన్నాయి కాబట్టి. తెలుగు అక్షరాలు మాత్రమే పోయాయి. ఇక్కడ లెక్క మనం పలికే అక్షరాలది కాదు. గుణింతం, పొల్లు, సున్న అన్నీ వేరువేరుగా లెక్కకు వస్తాయి. ‘పూజ’లో ప, ఊకారం, జ కలిపి మూడు. ‘అన్నయ్య’లో అ, న, పొల్లు, న, య, పొల్లు, య కలిపి ఏడు.

అయితే ఈ లెక్కతో మెసేజ్‌ను తిరిగి చదవవచ్చా? కొంతవరకే. 15వ తేదీ, 10:30 గంటలు అన్నవి నమ్మవచ్చు. తర్వాతి మాట దగ్గర ‘ఉదయం’ అయితే నాలుగు, ‘సాయంత్రం’ అయితే ఎనిమిది రావాలి. నాలుగే ఉన్నాయి కాబట్టి ఉదయమని ఊహించవచ్చు. కానీ ఆదివారం, సోమవారం, బుధవారం, శనివారం అన్నిటికీ ఏడేసి ప్రశ్నార్థకాలే. అక్కయ్యకూ అన్నయ్యకూ కూడా ఏడే. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి మాట. ‘ఉంది’కి నాలుగు, ‘లేదు’కీ నాలుగే. పూజ ఉందని చెప్పారో, రద్దయిందని చెప్పారో ఆ నాలుగు గుర్తులు ఎంత చూసినా తేలదు. పైగా కొన్ని యంత్రాలు ఒక్కో తెలుగు అక్షరానికి మూడేసి ప్రశ్నార్థకాలు పెడతాయి, అప్పుడు ఈ లెక్క కూడా పనికిరాదు. అందుకని అంకెలు చూసి తేదీ రాసుకోండి, విషయం మాత్రం ఫోన్ చేసి అడగండి.

కన్నడంలో వచ్చే మెసేజ్‌లకూ ఇదే గతి. యూనికోడ్‌లో కన్నడ అక్షరాల వరస తెలుగు వరసకు వెంటనే తర్వాతే ఉంటుంది. మన ‘న’ సంఖ్యకు 128 కలిపితే కన్నడ ‘న’ వస్తుంది. కాబట్టి ప్రశ్నార్థకాలను చూసి మెసేజ్ తెలుగులో రాశారా, కన్నడంలో రాశారా అన్నది కూడా చెప్పలేం.

ప్రశ్నార్థకాలకూ డబ్బాలకూ తేడా ఉంది. ఖాళీ డబ్బాలు వస్తే ఆ ఫోన్‌లో తెలుగు అక్షరాల ఫాంట్ లేదని అర్థం. మెసేజ్ లోపల క్షేమంగానే ఉంటుంది, దాన్ని పిల్లల ఫోన్‌కు పంపితే చక్కగా కనిపిస్తుంది. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే అక్షరాలు దారిలోనే పోయాయి. ఎవరి ఫోన్‌కు పంపినా, ఏ యాప్ వేసినా తిరిగి రావు. పంపినవారే మళ్లీ పంపాలి.

మరి మనిషి కావాలని పంపిన ప్రశ్నార్థకాలను ఎలా గుర్తుపట్టాలి? అవి సాధారణంగా ఒకటో, మూడో, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటాయి. వాటికి పైన మనం జవాబివ్వని మెసేజ్ ఒకటి కనిపిస్తుంది. ‘ఏమైంది, జవాబు లేదేం’ అని వాటి భావం. యంత్రం పెట్టినవి మాటల పొడవుల్లో విడివిడిగా ఉండి, మధ్యలో అంకెలు, కామాలు కనిపిస్తాయి.

ఇక కామాలు, చుక్కలు. తెలియని అక్షరానికి ప్రశ్నార్థకం పెట్టకుండా దాన్ని పూర్తిగా వదిలేసే యంత్రాలూ ఉన్నాయి. అప్పుడు ‘అన్నయ్య, రండి.’ అన్న మెసేజ్‌లో ఒక కామా, ఒక ఖాళీ, ఒక చుక్క మాత్రమే మిగులుతాయి. సంఘం నుంచో, ఏదైనా సంస్థ పేరుతోనో ఇలాంటిది వస్తే లోపల పోయిన మాటలు ఉన్నాయని అనుమానించాలి.

తెలిసినవారి సొంత నంబరు నుంచి వరసగా చుక్కలో కామాలో వస్తే కారణం చాలావరకు వేలే. చాలా ఫోన్ల కీబోర్డులో ఖాళీ మీటకు ఒక పక్క కామా, ఇంకో పక్క చుక్క ఉంటాయి. మనవడు ఆడుకున్నా, పెద్దవారి బొటనవేలు జారినా పడేవి అవే. గ్రూపులో ఒక్క చుక్క పెట్టడం కొందరికి పాత మెసేజ్‌ను పైకి తెచ్చే అలవాటు. నెట్ పనిచేస్తుందో లేదో చూడటానికి పంపేవారూ ఉన్నారు. మూడు చుక్కలు మాత్రం మాట మింగేసినట్టు, అలిగినట్టు కనిపిస్తాయి. ఆ అర్థం పంపినవారి మనసులో ఉందా, చదివేవారి మనసులో ఉందా అన్నది గుర్తును బట్టి తెలియదు.

ఒంటరిగా ఉండే అమ్మానాన్నల నుంచి చుక్క వస్తే అది ఆపద సంకేతమా? ముందే అనుకుని ఉంటే తప్ప కాదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. తిరిగి మెసేజ్ పెట్టి ఎదురుచూడకుండా ఫోన్ చేయండి. ఎత్తకపోతే పక్కింటివారికి చేయండి. సంకేతం కావాలనుకుంటే వేలు జారి పడే చుక్కను ఎంచుకోవద్దు, ఒక అంకెను రెండుసార్లు నొక్కడం లాంటిది ఎంచుకోండి. అంకె ఏ పద్ధతిలో పంపినా చెడిపోకుండా చేరుతుంది.

మెసేజ్‌లు పంపే సంఘాల వారికి ఒక మాట. సభ్యుల పేర్లు, మెసేజ్‌లు తెలుగులో ఎక్సెల్‌లో రాసి మామూలు CSVగా దాచితే, తెలుగంతా అక్కడే ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. దాచేటప్పుడు `CSV UTF-8` అన్నదాన్ని ఎంచుకోండి. పంపే సాఫ్ట్‌వేర్‌లో `Unicode` ఎంచుకుని, ముందు మీ నంబరుకే ఒకటి పంపి చూసుకోండి. తేదీ, గంట ఎప్పుడూ అంకెల్లో రాయండి, చివర సంప్రదించాల్సిన ఫోన్ నంబరు ఇవ్వండి. అక్షరాలన్నీ పోయినా ఆ నంబరు మిగులుతుంది, అందుకున్నవారు దానికే ఫోన్ చేసి ‘ఉందా, లేదా’ అని అడుగుతారు.