26 పేజీల ఆడిట్ రిపోర్టు.. ఒక్క పేజీలో ఎలా?

పంపుల షాఫ్టులు తయారుచేసే ఓ ప్లాంటులో మీరు క్వాలిటీ ట్రైనీగా చేరారనుకోండి. ఐఎస్‌వో 9001 ఆడిట్ రిపోర్టు 26 పేజీలు వచ్చింది. దాంతోపాటు విభాగాలు రాసిచ్చిన జవాబులూ ఉన్నాయి. మేనేజర్ ఆ ఫైలు మీకిచ్చి, ‘రేపు పొద్దున మీటింగుకి ఒక పేజీలో కావాలి. తప్పులేంటి, కారణాలేంటి, ఎప్పటికి క్లోజ్ చేయాలి.. అంతే’ అన్నారు. ఎక్కడ మొదలుపెడతారు?

ముందు నాన్‌కన్ఫార్మిటీలను విడిగా తీసుకోండి. మేజరా, మైనరా అని రాసి, పక్కన క్లాజ్ నంబరు ఉండేవి అవే. ‘ఇలా చేస్తే ఇంకా బాగుంటుంది’ తరహా సూచనలు రిపోర్టులో చాలానే ఉంటాయి. వాటిని ఇదే పట్టికలో కలిపేస్తే షాప్‌ఫ్లోర్‌లో ఎవరికీ ఏది తప్పనిసరో అర్థం కాదు. పేజీ అడుగున రెండు వాక్యాల్లో చెబితే చాలు.

ఇప్పుడు ఒక మైనర్‌ను చూద్దాం. క్లాజ్ 7.1.5.2. మెషిన్ షాప్‌లో వాడుతున్న ఒక మైక్రోమీటరుకు క్యాలిబ్రేషన్ గడువు మార్చి 31తో ముగిసింది. ఏప్రిల్ 18న అదే మైక్రోమీటరుతో షాఫ్టు వ్యాసం కొలుస్తుండగా ఆడిటర్ చూశారు. దీన్ని కొత్తవాళ్లు ‘క్యాలిబ్రేషన్ సరిగా లేదు’ అని కుదించేస్తారు. అప్పుడు పని చేయాల్సిన మనిషికి ఏమీ మిగలదు. ఏ పరికరం, ఎక్కడ, ఏ తేదీ అన్నవి మీ పేజీలో ఉండాల్సిందే. పరికరం నంబరుతో సహా రాయండి.

ఇంకొకటి కూడా జారిపోతుంది. ఆ మైక్రోమీటరును పరీక్షిస్తే 0.01 మి.మీ. తేడా చూపిందనుకోండి. షాఫ్టుకు అనుమతించిన మొత్తం తేడా 0.02 మి.మీ. మాత్రమే అయితే, అందులో సగం పరికరమే తినేసినట్టు. అలాంటప్పుడు దాంతో ఇంతకుముందు కొలిచిన షాఫ్టుల సంగతేంటో తేల్చాలని ఆ క్లాజే చెబుతోంది. ‘పరికరాన్ని క్యాలిబ్రేషన్‌కు పంపాం’ అని జవాబు వచ్చినంత మాత్రాన ఈ ప్రశ్న పోదు. దాన్ని పేజీలో ఉంచండి.

కారణం ఎవరు చెప్పారు?

కారణం ఆడిటరే రాస్తారని చాలామంది అనుకుంటారు. కాదు. ఆడిటర్ తాను చూసింది, ఏ నిబంధన తప్పిందో రాస్తారు. మూల కారణం వెతికి చెప్పాల్సింది ప్లాంటే. అందుకే ఆ గడిలో విభాగం చెప్పిన మాటనే రాయాలి. జవాబు రాకపోతే ‘ఇంకా ఇవ్వలేదు’ అని రాయండి. మీకు తోచిన కారణంతో నింపొద్దు.

మన ఉదాహరణలో మెషిన్ షాప్ రాసింది: ‘ఆపరేటర్ గమనించలేదు’. దీన్ని మార్చకుండా అలాగే రాసి, పక్కన ఒక ప్రశ్న పెట్టండి: ‘గడువు గుర్తుచేసే జాబితాలో ఈ పరికరం ఉందా?’ రిజిస్టరు తెరిచి చూస్తే ఉంది, కానీ టూల్‌రూమ్ పేరు మీద ఉంది. పరికరం మెషిన్ షాప్‌కి మారినా రిజిస్టరులో చోటు మారలేదు. నోటీసు టూల్‌రూమ్‌కి వెళ్లింది, అక్కడ పరికరం లేదు, విషయం అంతటితో ఆగిపోయింది. ఆపరేటరుకు ఎంత శిక్షణ ఇచ్చినా ఇది ఆగదు. మీ ప్రశ్న చూసి విభాగం తన జవాబు తానే మార్చుకుంటుంది. కొత్త జవాబు వచ్చాకే మీరు గడి మార్చాలి.

పరికరాన్ని పక్కన పెట్టి క్యాలిబ్రేట్ చేయించడం కరెక్షన్. పరికరం చోటు మారితే అదేరోజు రిజిస్టరు మారేలా పద్ధతి పెట్టడం కరెక్టివ్ యాక్షన్. ఈ తేడాను ఇంటర్వ్యూల్లోనూ అడుగుతుంటారు. రెండింటినీ ఒకే గడిలో రాస్తే మొదటిది అయిపోగానే పనంతా పూర్తయిందనుకుంటారు.

గడువు అంటే తేదీ

ఈ రిపోర్టులో ‘ముగింపు సమావేశం నుంచి 30 రోజుల్లో కారణం, ప్రణాళిక, 90 రోజుల్లో ఆధారాలు’ అని ఉంది. ఈ లెక్క సర్టిఫికేషన్ సంస్థను బట్టి మారుతుంది కాబట్టి పాత రిపోర్టులోంచి ఎత్తి రాయకండి. సమావేశం జరిగింది ఏప్రిల్ 20న. అంటే మే 20, జులై 19. రిపోర్టు మెయిల్‌కి వచ్చిన ఏప్రిల్ 28 నుంచి లెక్కిస్తే ఎనిమిది రోజులు తప్పుతారు. ‘90 రోజులు’ అని వదిలేస్తే ఎవరి లెక్క వారిది.

జులై 19 కూడా పని మొదలుపెట్టే తేదీ కాదు. కొత్త పద్ధతి పనిచేస్తోందని చూపడానికి రెండు నెలల రికార్డులైనా చేతిలో ఉండాలని మేనేజర్ అంటే, మే, జూన్ నెలలవి కావాలి. అంటే పద్ధతి మే మొదట్లోనే అమల్లోకి రావాలి. ఆధారాల్లో ఏదైనా లోటుందని ఆడిటర్ వెనక్కి పంపితే సరిదిద్దే సమయం ఉండాలి కాబట్టి, పంపే తేదీ జులై 5 అని పెట్టండి. ఆ గడిలో రెండు తేదీలూ రాసి, ఎదురుగా ఒక్కరి పేరే రాయండి. ‘మెషిన్ షాప్’ అని రాస్తే రేపటి మీటింగులో ఎవరూ తల ఎత్తరు.