నలుగురికి నాలుగు ఉత్తరాలు

డాలస్‌లో మంగళవారం మధ్యాహ్నం మూడున్నర అయింది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి అక్కడ ఎమ్మెస్ ముగించిన ఒక అమ్మాయి, ఆసుపత్రులు నడిపే సంస్థలో డేటా అనలిస్ట్ ఉద్యోగానికి జూమ్‌లో ఇంటర్వ్యూ ఇచ్చి అప్పుడే లాప్‌టాప్ మూసిందనుకుందాం. గంటసేపు నలుగురు కూర్చుని అడిగారు. అమ్మకు ఫోన్ చేద్దామంటే హనుమకొండలో రాత్రి రెండు. స్నేహితురాలికి చేస్తే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: 'థ్యాంక్యూ మెయిల్ పెట్టావా?'

మన దగ్గర ఇంటర్వ్యూ అయ్యాక దేవుడికి దండం పెట్టుకుని ఫలితం కోసం ఎదురుచూస్తారు. అమెరికా ప్రైవేటు కొలువుల్లో మాత్రం ఆ సాయంత్రమో మర్నాడు ఉదయమో, ఇంటర్వ్యూ చేసినవాళ్ళకు కృతజ్ఞత చెబుతూ చిన్న మెయిల్ రాయడం పాత ఆనవాయితీ. 2019లో బిజినెస్ ఇన్‌సైడర్ సంస్థలో పెద్ద ఎడిటర్‌గా ఉన్న జెస్సికా లీబ్‌మన్, థ్యాంక్యూ మెయిల్ పంపనివాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోకపోవడం తన నియమమని రాశారు. దానిమీద పెద్ద దుమారమే రేగింది. ఇంట్లో ఎవరూ ఆఫీసు ఉద్యోగం చేయని పిల్లలకు, వలస వచ్చినవాళ్ళకు ఈ రాయని నియమం ఎవరు చెప్పారు, తెలియనందుకు శిక్షిస్తారా అని చాలామంది నిలదీశారు. ఆ నిలదీతలో న్యాయముంది. కానీ ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు న్యాయాన్యాయాలు తేలేదాకా ఆగే వెసులుబాటు ఉండదు. చదువు అయ్యాక ఓపీటీ మీద ఉన్న విద్యార్థి మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సైన్సు, ఇంజనీరింగ్ చదువులవాళ్ళకు పొడిగింపు దొరికితే ఆ లెక్క 150 రోజులకు పెరుగుతుంది. అంతే.

ఇంటర్వ్యూ చేసినవారు ఒక్కరే అయితే మెయిల్ రాయడం తేలిక. నలుగురు కూర్చున్నప్పుడే చిక్కు. చాలామంది ఒకే మెయిల్ రాసి నలుగురి పేర్లూ పైన పెట్టి పంపేస్తారు. ఇంకొందరు అదే మెయిల్‌ను నాలుగుసార్లు కాపీ చేసి పేరు మాత్రం మారుస్తారు. రెండోదే ఎక్కువ చేటు. ప్యానెల్‌లో ఉన్నవాళ్ళు ఒకే ఆఫీసు మనుషులు. 'నాకూ మెయిల్ వచ్చింది' అని ఒకరు అంటే, రెండోవారు తమది తెరిచి చూస్తారు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే, అసలు మెయిలే పంపనివాళ్ళకంటే ఆ అభ్యర్థి పలచనైపోతుంది.

ఆ నలుగురూ ఒకే గదిలో కూర్చున్నా, ఒక్కొక్కరి మనసులో ఒక్కో ప్రశ్న ఉంటుంది. మేనేజరుకు ఈ అమ్మాయి నా పని తగ్గిస్తుందా అని. సీనియర్ అనలిస్టుకు ఈమె రాసిన కోడ్‌ను నేను మళ్ళీ దిద్దాల్సి వస్తుందా అని. ఆ రిపోర్టులు వాడుకునే నర్సింగ్ సూపర్‌వైజరుకు మా వార్డు బాధ ఈమెకు అర్థమవుతుందా అని. ఆర్థిక విభాగం మనిషికి లెక్కలు వేళకు అందుతాయా అని. ఇంటర్వ్యూ తర్వాత వీళ్ళు ఒకచోట చేరి అభిప్రాయాలు చెప్పుకుంటారు. చాలాచోట్ల అంతకుముందే ఎవరి మార్కుల పట్టిక వాళ్ళు నింపేస్తారు, అదీ ఆ రోజో మర్నాడో. అందుకే మెయిల్‌కు ఇరవై నాలుగు గంటల గడువు అంటారు. వారం తర్వాత వచ్చే మెయిల్ ఎంత అందంగా ఉన్నా అప్పటికి పట్టిక మూసేసి ఉంటారు.

కాబట్టి అసలు పని మెయిల్ రాయడం కాదు, గుర్తుంచుకోవడం. జూమ్ మూసిన మొదటి పావుగంటలోనే మన అమ్మాయి కాగితం మీద నాలుగు గళ్ళు గీయాలి. ఒక్కో గడిలో ఒక పేరు, ఆ మనిషి అడిగిన ప్రశ్న, తాను చెప్పిన జవాబు, అది విని వాళ్ళు ఏమన్నారు. పేర్లు క్యాలెండర్ ఆహ్వానంలోంచి అక్షరం అక్షరం చూసి రాసుకోవాలి. చెవితో విన్న స్పెల్లింగ్‌ను నమ్మకూడదు. రాత్రి భోజనమయ్యాక రాద్దామనుకుంటే నలుగురి మాటలూ కలగలిసి పులుసైపోతాయి.

ఆమె కాగితం మీద ఏముందో చూద్దాం.

నర్సింగ్ సూపర్‌వైజర్ ఒక ఫిర్యాదు చెప్పింది. ఆసుపత్రిలో పడకల లెక్క అర్ధరాత్రి తీస్తారు. ఉదయం ఏడింటికి డ్యూటీ ఎక్కేసరికి ఆ అంకె పాతబడిపోతుంది, దాని మీదే అందరూ వాదించుకుంటారు. ఇది ఆమె రోజూ పడే బాధ. ఆమెకు వెళ్ళే మెయిల్ ఇంగ్లీషులోనే ఉంటుంది గానీ, సారం ఇలా ఉంటే చాలు: 'ఈ రోజు మాట్లాడినందుకు కృతజ్ఞతలు. అర్ధరాత్రి లెక్క గురించి మీరు చెప్పింది ఇంటర్వ్యూ అయ్యాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. నేను చేసే రిపోర్టులో అంకె పక్కనే అది ఏ గంటది అన్నది పెద్ద అక్షరాల్లో కనపడేలా పెట్టడం నా మొదటి పని అవుతుంది.' పొగడ్త ఒక్కటీ లేదు. 'మీ అపారమైన అనుభవం నుంచి ఎంతో నేర్చుకున్నాను' వంటి వాక్యం ఎవరికైనా పంపవచ్చు. ఈ మెయిల్ ఈవిడకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు. వ్యక్తిగతంగా రాశామా లేదా అనడానికి పరీక్ష అదే: పైన పేరు మార్చి పక్కవాళ్ళకు పంపినా నప్పుతోందంటే, మళ్ళీ రాయాలి.

సీనియర్ అనలిస్టుతో వ్యవహారం వేరు. ఆయన అడిగిన ప్రశ్నకు అమ్మాయి తప్పు చెప్పింది. రోగులందరి పట్టిక ఒకటి, వాళ్ళు డాక్టర్ దగ్గరకు వచ్చిన రోజుల పట్టిక ఇంకొకటి. రానివాళ్ళ పేర్లు కూడా జాబితాలో మిగలాలి. ఆమె రెండు పట్టికలనూ సరిగానే, LEFT JOIN తోనే కలిపింది. కానీ 'వచ్చి వెళ్ళినవి మాత్రమే' అనే షరతును చివర WHERE లో పెట్టింది. దాంతో రానివాళ్ళ వరుసలన్నీ ఎగిరిపోతాయి, ఎందుకంటే వాళ్ళ గడిలో ఏ విలువా ఉండదు. ఇంటర్వ్యూ అయ్యాక మెట్లు దిగుతుండగా తట్టింది. ఇలాంటప్పుడు ఏం చేయాలి? మెయిల్ అందుకే ఉంది. 'మీరడిగిన రెండో ప్రశ్నకు నా జవాబులో తప్పు ఉంది. ఆ షరతు WHERE లో కాక ON లో ఉండాలి, లేకపోతే రాని రోగులు జాబితా నుంచి జారిపోతారు' అని రెండు వాక్యాలు. సాకులు లేవు, కంగారు పడ్డానన్న సంజాయిషీ లేదు. తప్పును తానే పట్టుకునే మనిషితో పనిచేయడం అనలిస్టుకు ఇష్టంగానే ఉంటుంది. అయితే ఒక్క తప్పుకే ఇది చెల్లుతుంది. అయిదు జవాబులు దిద్దుతూ పేజీ రాస్తే అది మెయిల్ కాదు, సప్లిమెంటరీ పరీక్ష.

మేనేజరుది కాస్త పెద్దదిగా ఉండొచ్చు. ఎక్సెల్‌లో నడుస్తున్న నెలవారీ రిపోర్టులను పవర్ బీఐకి మార్చాలని ఆయన చెప్పాడు. కాలేజీ ప్రాజెక్టులో అలాంటి మార్పే చేసినప్పుడు పాత, కొత్త అంకెలను ఒక నెలపాటు పక్కపక్కన పెట్టి సరిచూసిన సంగతి అమ్మాయి ఇంటర్వ్యూలో చెప్పలేకపోయింది, సమయం అయిపోయింది. అది ఇక్కడ చెప్పొచ్చు. ఈ ఉద్యోగం చేయాలని ఉందన్న మాట కూడా సూటిగా రాయాల్సింది ఈ ఒక్క మెయిల్‌లోనే. జీతం, వీసా ఊసు ఇందులో వద్దు. వాటికి మాట్లాడే మనిషి రిక్రూటర్.

ఇక నాలుగో ఆయన. ఆర్థిక విభాగం. గంటసేపట్లో ఒక్క ప్రశ్న అడగలేదు. గడి ఖాళీ. ఇలాంటివాళ్ళ దగ్గరే అభ్యర్థులు తడబడి లింక్డిన్‌లో వెతకడం మొదలుపెడతారు. ఆయన ఏ కాలేజీలో చదివాడు, ఏ మారథాన్ పరిగెత్తాడు అన్నవి మెయిల్‌లో దూర్చితే చదివేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. గదిలో జరిగిన మాట నుంచి తీసుకున్నదే చెల్లుతుంది. కాస్త వెనక్కి ఆలోచిస్తే, మేనేజర్ మధ్యలో ఈయన వైపు చూసి నవ్వుతూ 'అయిదో తారీకులోపు అంకెలు ఇవ్వకపోతే ఈయన ఊరుకోడు' అన్న సంగతి గుర్తొస్తుంది. అది చాలు. సమయం ఇచ్చినందుకు కృతజ్ఞత, అయిదో తారీకు సంగతి గుర్తుపెట్టుకున్నానని ఒక ముక్క. రెండే వాక్యాలు. అదీ గుర్తు రాకపోతే ఒక్క వాక్యంతో ఆపడం మేలు, ఆయన అడగని ప్రశ్నను అడిగినట్టు రాయడం కంటే.

సంబోధన దగ్గర మనవాళ్ళకు చేయి ఆడదు. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అని ముగించే అలవాటు కాలేజీలో సెలవుచీటీ నాటిది. గారు లేకుండా పెద్దవాళ్ళను పిలవడం మనకు ఇబ్బందే, కానీ వాళ్ళు తమను తాము మొదటి పేరుతో పరిచయం చేసుకుంటే ఆ పేరుతోనే రాయాలి. డాక్టరేట్ ఉన్నవారు, డాక్టర్లు అలా పరిచయం చేసుకోకపోతే 'డాక్టర్' వదలకూడదు.

మెయిల్ చిరునామాలు లేకపోతే ఆఫీసు పద్ధతి చూసి ఊహించి పంపేవాళ్ళున్నారు. ఒక అక్షరం తేడా వస్తే అది తిరిగొస్తుంది, లేదా అదే పేరున్న ఇంకెవరికో చేరుతుంది. రిక్రూటర్‌ను అడగడం సూటి దారి. ఆమె ఇవ్వనంటే నాలుగు మెయిళ్ళూ ఆమెకే పంపి, వాళ్ళకు అందజేయమని అడగొచ్చు. పంపే ముందు నాలుగింటినీ పేరు, సబ్జెక్ట్ లైన్, సంస్థ పేరు చూస్తూ పైకి చదవాలి. ఒకరి పేరుతో ఇంకొకరికి వెళ్ళిన మెయిల్‌ను వెనక్కి తెచ్చే మంత్రం లేదు.

ఇదంతా అమెరికా ప్రైవేటు ఉద్యోగాల సంగతి. ఇండియాలో సర్వీస్ కమిషన్ ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చి బోర్డు సభ్యులకు ఇలాంటి మెయిల్ పెట్టాలన్న ఆలోచన కూడా వద్దు. పైరవీ ఏ రూపంలో చేసినా అనర్హత వేటు పడుతుందని అక్కడ నోటిఫికేషన్లలోనే రాసి ఉంటుంది. అమెరికాలో కూడా కొన్ని ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే మార్కుల పట్టిక పెట్టి, ప్యానెల్ సభ్యులను విడిగా సంప్రదించవద్దని ముందే చెబుతాయి. అలా చెబితే ఒక్క మెయిల్, రిక్రూటర్‌కు మాత్రమే.

మన అమ్మాయి బుధవారం ఉదయం తొమ్మిదిలోపు నాలుగూ పంపింది. నర్సింగ్ సూపర్‌వైజర్ నుంచి ఒక వాక్యం జవాబు వచ్చింది, మిగతా ముగ్గురి నుంచి ఏమీ లేదు. అది మామూలే, జవాబు రాకపోవడాన్ని చెడ్డ శకునంగా తీసుకోవద్దు. ఫలితం పది రోజుల్లో చెబుతామన్నారు కాబట్టి పదకొండో రోజున రాయాల్సింది ఒక్క మెయిల్, అదీ రిక్రూటర్‌కే.