లీటరు డీజిల్‌ను ఎందరికి పంచాలి?

జగ్గయ్యపేట నుంచి నందిగామకు వెళ్లాలంటే చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి విజయవాడ వైపు సాగిపోవడమే. దూరం సుమారు 30 కిలోమీటర్లు. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ దారిలో పల్లెవెలుగు బస్సులు, కార్లు, బైకులు పక్కపక్కనే పరుగెడతాయి. మైలేజీ అడిగితే బైకు లీటరుకు 50 కిలోమీటర్లు, పెట్రోలు కారు 16, బస్సు 5 అని చెబుతారు. ఈ మూడంకెలు చూసి బస్సే పెద్ద తిండిపోతు అనుకునేవాళ్లు ఉన్నారు. బండి ఎంత తాగిందో మాత్రమే ఆ అంకెలు చెబుతాయి. ఎంతమందిని ఎంత దూరం చేర్చిందో వాటిలో లేదు.

ఆ రెండో సంగతిని కొలిచేందుకు రవాణా రంగంలో వాడే కొలమానం ప్రయాణికుడు-కిలోమీటరు. ఒక మనిషి ఒక కిలోమీటరు వెళితే ఒకటి. 40 మంది 10 కిలోమీటర్లు వెళితే 400. ఖర్చయిన ఇంధనాన్ని దీనితో భాగించాలి. పైకి ఇంత సులువుగా ఉన్నా, తప్పులన్నీ ఈ భాగించే చోటే జరుగుతాయి.

ఇంధనం కొలవడం కష్టమేమీ కాదు. ట్యాంకు నిండా పోయించి, కొన్నాళ్లు తిరిగి, మళ్లీ నిండా పోయించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే నిజమైన మైలేజీ తేలుతుంది. ఆర్టీసీ డిపోల్లో కేఎంపీఎల్ అనే అంకె కూడా పోసిన డీజిల్‌కూ తిరిగిన దూరానికీ మధ్య లెక్కే. చిక్కంతా జనాన్ని లెక్కపెట్టడంలో ఉంది.

ఒక ట్రిప్పు ఊహించుకుందాం. పొద్దున జగ్గయ్యపేటలో 20 మంది ఎక్కారు. 5 కిలోమీటర్లు పోయాక ఇంకో 20 మంది ఎక్కారు. అక్కడి నుంచి 10 కిలోమీటర్లు సాగాక 20 మంది దిగి, 10 మంది ఎక్కారు. మిగిలిన 15 కిలోమీటర్లు 30 మందితో బస్సు నందిగామ చేరింది. కండక్టరు కొట్టిన టికెట్లు 50. బస్సు తాగిన డీజిల్ 6 లీటర్లు. 50 మంది, 30 కిలోమీటర్లు అని భాగిస్తే ఒక్కొక్కరికి కిలోమీటరుకు 4 మిల్లీలీటర్లే వస్తుంది. కానీ ఆ 50 మందీ 30 కిలోమీటర్లూ ప్రయాణించలేదు. ముక్కముక్కగా లెక్కేస్తే మొదట 100, తర్వాత 400, చివర 450, మొత్తం 950 ప్రయాణికుడు-కిలోమీటర్లు. అప్పుడు వచ్చేది 6 మిల్లీలీటర్ల పైచిలుకు.

ఇక్కడితోనూ ఆగకూడదు. పొద్దున కాలేజీ పిల్లలతో, ఉద్యోగులతో నిండిన బస్సు తిరుగు ట్రిప్పులో పలచగా వస్తుంది. ఆ దారిలో 250 ప్రయాణికుడు-కిలోమీటర్లే వచ్చాయనుకుందాం. రానూపోనూ కలిపి 12 లీటర్లు, 1200 ప్రయాణికుడు-కిలోమీటర్లు. అంటే ఒక్కొక్కరికి కిలోమీటరుకు 10 మిల్లీలీటర్లు. బస్సులో సగటున ఉన్నది 20 మంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల రోజున కాలుపెట్టే సందు లేని బస్సును చూసి లెక్కగడితే బస్సుకు లేని గొప్ప అంటగట్టినట్టే. రాత్రి చివరి బస్సులో నలుగురిని చూసి లెక్కగడితే దానికి అన్యాయం చేసినట్టే.

వసూలైన డబ్బును బట్టి జనాన్ని అంచనా వేయడం ఇంకో పొరపాటు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. సున్నా టికెట్టు మీద వెళ్లే మనిషి కూడా ప్రయాణికురాలే. ఆమె వెళ్లిన కిలోమీటర్లు లెక్కలోకి రావాలి.

ఇక పోలికకు ముందు ఒక సవరణ. డీజిల్, పెట్రోలు లీటరుకు లీటరు సమానం కావు. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కనుక అందులో సుమారు 30 మాత్రమే. కాబట్టి బస్సు 10 మిల్లీలీటర్ల డీజిల్‌ను 12 మిల్లీలీటర్ల పెట్రోలుగా చూడాలి. ఒక్కడే వెళ్లే బైకుకు కిలోమీటరుకు 20. ఒక్కడే కూర్చున్న కారుకు 62. అంటే సగం కూడా నిండని మన బస్సులో మనిషి వాటా కంటే కారులో ఒంటరిగా వెళ్లేవాడి వాటా ఐదు రెట్లు. బస్సులో సగటున నలుగురుంటే చాలు, ఆ కారుతో సమానమవుతుంది. ఒంటరి బైకుతో సమానం కావాలంటే 12 మంది కావాలి.

కానీ ఆ బైకు మీద ఇద్దరెక్కితే ఒక్కొక్కరికి 10 మిల్లీలీటర్లే. మన 20 మంది బస్సును అది ఓడిస్తుంది. దాన్ని అందుకోవాలంటే బస్సులో సగటున 24 మంది ఉండాలి. బస్సును ఇష్టపడే నాలాంటివాళ్లకు ఈ ఫలితం నచ్చదు గానీ లెక్క ఇదే. లారీల మధ్య హైవే మీద బైకు నడపడంలో ఉన్న ప్రమాదం ఈ లెక్కలో లేదు, దాన్ని వేరుగా తూచాలి.

బైకు ఇంత చిన్నది కదా, మరి ఒక్క మనిషికి 20 మిల్లీలీటర్లు ఎందుకు తాగుతుంది? గాలి వల్ల. నిటారుగా కూర్చుని బైకు నడిపే మనిషి గాలికి ఇచ్చే అడ్డు చిన్న కారు ఇచ్చే అడ్డుకు పెద్దగా తీసిపోదు. కారును సాఫీగా జారేలా మలుస్తారు, మనిషి భుజాలనూ మోకాళ్లనూ ఎవరూ మలచలేదు. బస్సు ముఖం పెద్ద గోడలా ఉన్నా గాలి అడ్డు కారుకు ఆరేడు రెట్లే. ఆ ఆరేడు రెట్లను 20 మంది పంచుకుంటారు. పైగా పెద్ద డీజిల్ ఇంజను ఇంధనంలోని శక్తిలో మూడో వంతుకు పైగా చక్రాల వైపు పంపగలదు, చిన్న పెట్రోలు ఇంజనుకు అంత చేతకాదు. కారు సంగతి మరీ దారుణం. 65 కిలోల మనిషి కోసం దాదాపు టన్ను ఇనుము కదలాలి. 60 వేగంతో తిన్నగా పోతున్నప్పుడు దాని ఇంజను తన పూర్తి సామర్థ్యంలో పదో వంతు కూడా వాడదు. అంత తక్కువ భారం మీద పెట్రోలు ఇంజను ఇంధనాన్ని బాగా వృథా చేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది సగటు. నడుస్తున్న బస్సులో ఇంకొక మనిషి ఎక్కితే అదనంగా ఎంత ఖర్చవుతుంది? పది టన్నుల బండికి ఒక మనిషి బరువు చేరితే టైర్ల రాపిడి పెరిగి అదనంగా పట్టే డీజిల్ కిలోమీటరుకు అర మిల్లీలీటరు కూడా ఉండదు. బస్టాండులో ఆగి ఉన్న బస్సు ఎక్కినవాడికి ఈ లెక్క వర్తిస్తుంది. చెయ్యెత్తి ఆపించి ఎక్కినవాడికి వేరే లెక్క. 50 వేగంతో వస్తున్న పది టన్నుల బస్సు ఆగితే దాని ఊపంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. మళ్లీ ఆ వేగం అందుకోవడానికి సుమారు 80 మిల్లీలీటర్ల డీజిల్ కావాలి, పెట్రోలు లెక్కలో 96. అదే పెట్రోలుతో బైకు దాదాపు 5 కిలోమీటర్లు పోతుంది.

అందుకే ఒక్కడే రోడ్డు మీద బస్సు ఆపించి రెండు కిలోమీటర్ల అవతల మళ్లీ ఆపించి దిగితే, ఆ ప్రయాణం బైకు కంటే ఎక్కువ తాగుతుంది. అతనే బైకు మీద చిల్లకల్లు దాకా వచ్చి, అక్కడ ఎలాగూ ఆగే బస్సులో నందిగామ వెళితే, ఆ పాతిక కిలోమీటర్లలో బైకు తాగాల్సిన అర లీటరు పెట్రోలు మిగులుతుంది. అతని కోసం బస్సు అదనంగా తాగేది పది మిల్లీలీటర్ల డీజిల్.