డుప్యూట్రెన్ సంకోచము

డుప్యూట్రెన్ సంకోచము అరచేతి చర్మము క్రింద ఉండే పీచుపొర దళసరియై, ముడుచుకొని, వేళ్ళను అరచేతి వైపు వంచివేసే వ్యాధి. ఉంగరపు వేలు, చిటికెన వేలు దీనికి ఎక్కువగా లోనవుతాయి. వంగిన వేలిని రెండవ చేతితో పట్టి లాగినా అది తిన్నగా సాగదు. పిడికిలి బిగించడానికి మాత్రము సాధారణముగా ఇబ్బంది ఉండదు. ఇది ప్రాణాపాయకరమైన వ్యాధి కాదు, నొప్పి కూడా తక్కువే. అయితే ముఖము కడుగుకొనేటప్పుడు వంగిన వేలు కంటిలో గుచ్చుకోవడము, చేతిని జేబులో పెట్టలేకపోవడము, కరచాలనము చేయలేకపోవడము వంటి బాధలతో రోగులు వైద్యుని వద్దకు వస్తారు.

పేరు వెనుక చరిత్ర

ఫ్రెంచి శస్త్రవైద్యుడు గియోమ్ డుప్యూట్రెన్ (1777–1835) పారిస్ నగరములోని ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో 1831లో ఒక మద్యము వర్తకుని చేతికి శస్త్రచికిత్స చేసి, ఆ విషయమై ఉపన్యసించాడు. వేలు వంగడానికి కారణము కండరమును ఎముకకు కలిపే స్నాయువు కాదని, దానికి పైన ఉండే పీచుపొర అని ఆయన చూపాడు. నిజానికి ఈ వ్యాధిని స్విట్జర్లాండుకు చెందిన ఫెలిక్స్ ప్లాటర్ 1614లోనే వర్ణించాడు. ఇంగ్లండులో హెన్రీ క్లైన్, ఆస్ట్లీ కూపర్ కూడా డుప్యూట్రెన్ కంటె ముందే పీచుపొరను గుర్తించారు. అయినను పేరు మాత్రము పారిస్ వైద్యునికే దక్కింది.

వ్యాధి స్వరూపము

అరచేతి చర్మము చేతి వెనుక చర్మము వలె జారదు. వస్తువును గట్టిగా పట్టుకొన్నప్పుడు చర్మము కదలకుండా దానిని లోపలి భాగములకు బంధించి ఉంచేది ఈ పీచుపొరయే. వ్యాధిలో ఈ పొరలోని కొన్ని కణములు కండరకణముల వలె ముడుచుకొనే గుణమును సంతరించుకొని, కొల్లాజెన్ అనే పీచుమాంసకృత్తును అధికముగా తయారుచేస్తాయి. మొదట బుడిపెలు, తరువాత త్రాళ్ళ వంటి పేటలు ఏర్పడతాయి. ఇది క్యాన్సరు కాదు.

వంశపారంపర్యము దీనికి ముఖ్యమైన కారణము. ఉత్తర ఐరోపా సంతతి వారిలో, అందులోనూ 50 సంవత్సరములు దాటిన పురుషులలో ఇది ఎక్కువ. అందుచేత దీనిని వైకింగుల వ్యాధి అని కూడా పిలుస్తూ వచ్చారు. దీనికి దోహదము చేసే జన్యుభేదములలో కొన్ని నియాండర్తల్ మానవుల నుండి సంక్రమించినవని 2023లో వెలువడిన ఒక జన్యుపరిశోధన తెలిపింది. ధూమపానము, అధిక మద్యపానము, మధుమేహము కూడా వ్యాధితో ముడిపడి ఉన్నాయి. భారతదేశములో ఇది అరుదు. మధుమేహము ఉన్నవారిలో కనిపించే రూపము తరచు తేలికగా ఉండి, వేళ్ళను అంతగా వంచదు.

చేతిలో కనిపించే లక్షణములు

తొలి గుర్తు అరచేతిలో ఉంగరపు వేలికి ఎదురుగా, అడ్డగీత దగ్గర ఏర్పడే గట్టి బుడిపె. చర్మము దానికి అంటుకొనిపోయి చిన్న గుంట పడవచ్చు. ఈ దశలో కొందరు దానిని ఆనెకాయ అనుకొంటారు. నెలలు లేక సంవత్సరముల తరువాత బుడిపె నుండి వేలి వైపునకు పేట సాగుతుంది. వేలిని చాచినప్పుడు ఈ పేట బిగుసుకొని చర్మము క్రింద స్పష్టముగా తేలుతుంది.

చేతిని పరిశీలించే వైద్యుడు మరి మూడు విషయములు చూస్తాడు: వేళ్ళ నడిమి కీళ్ళ వెనుక గట్టి మెత్తలు ఉన్నవా, అరికాలిలో ఇటువంటి బుడిపెలు ఉన్నవా, కుటుంబములో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నదా అనేవి. ఇవి ఉండి, 50 ఏళ్ళలోపే రెండు చేతులలోను వ్యాధి మొదలైతే అది ఉద్ధృతముగా పెరిగే రకమని, చికిత్స తరువాత మళ్ళీ వచ్చే అవకాశము హెచ్చని భావించాలి.

వేలు వంగిన ప్రతిదీ ఈ వ్యాధి కాదు. వేలు మడిచినప్పుడు చిక్కుకొని, టక్కుమని విడివడితే అది స్నాయువు తన తొడుగులో చిక్కుకోవడము. కుష్ఠువ్యాధి వలన మోచేతి దగ్గర నాడి దెబ్బతిన్నప్పుడు కూడా ఇవే రెండు వేళ్ళు వంగుతాయి. అయితే అక్కడ వేలి మొదటి కీలు వెనుకకు విరిగి, నడిమి కీలు ముందుకు వంగుతుంది. చిటికెన వేలిలో స్పర్శ తగ్గుతుంది, అరచేతిలో పేట ఉండదు. మన దేశములో వైద్యుడు ఈ భేదమును తప్పక చూడాలి.

కొలత, దశలు

ఇంటివద్ద చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉన్నది. అరచేతిని బల్లపై బోర్లించి, వేళ్ళతో సహా పూర్తిగా ఆన్చగలరేమో చూడాలి. ఆననిచో వంపు ఏర్పడినదని అర్థము. ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు జాన్ హ్యూస్టన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ పరీక్ష, నిపుణుని చూడవలసిన సమయము వచ్చినదని తెలుపుతుంది.

నిపుణుడు కోణమానినితో ఒక్కొక్క కీలును విడిగా కొలుస్తాడు. అరచేతితో వేలు కలిసే మొదటి కీలు, నడిమి కీలు, కొన కీలు ఎన్ని డిగ్రీలు సాగకుండా మిగిలినవో చూసి ఆ సంఖ్యలను కూడుతాడు. ఫ్రెంచి వైద్యుడు ట్యూబియానా పేరుతో వాడుకలో ఉన్న విభజనలో బుడిపె మాత్రమే ఉండి వంపు లేనిచో దానికి ప్రత్యేక దశ. మొత్తము 45 డిగ్రీల వరకు మొదటి దశ, 45 నుండి 90 వరకు రెండవది, 90 నుండి 135 వరకు మూడవది, అంతకు మించితే నాల్గవది.

ఈ మొత్తము వ్యాధి ఎంత పెరిగినదో చెబుతుంది గాని, ఏ చికిత్స చేయాలో చెప్పదు. అందుకు వంపు ఏ కీలులో ఉన్నదో తెలియాలి. మొదటి కీలు ఎంత వంగినా దాని పక్క బంధకములు పొడవు తగ్గవు కనుక, పేటను తెంచితే కీలు చాలావరకు తిన్నబడుతుంది. నడిమి కీలు అలా కాదు. అది కొంతకాలము వంగి ఉంటే దాని సొంత గుళిక, బంధకములు కుంచించుకొనిపోతాయి. తరువాత పేటను పూర్తిగా తొలగించినా వంపు కొంత మిగులుతుంది. పైగా వేలిలోనికి సాగిన పేట కొన్నిసార్లు వేలి నాడిని, రక్తనాళమును చుట్టుకొని, వాటిని నడిమికి, చర్మము దగ్గరకు లాగివేస్తుంది. అక్కడ సూదియైనా కత్తియైనా నాడికి ప్రమాదము.

చికిత్సలు

వంపు లేని బుడిపెకు చికిత్స అక్కరలేదు. కొలుస్తూ ఉంటే చాలును. మొదటి కీలు 30 డిగ్రీలకు మించి వంగినప్పుడు, లేక నడిమి కీలు 15–20 డిగ్రీలు వంగినప్పుడు చికిత్స గురించి ఆలోచిస్తారు. ఏ చికిత్సయు వ్యాధిని మూలముతో తీసివేయదు. ఒకదానిలో త్వరగా కోలుకొంటారు, మరొకదానిలో ఫలితము ఎక్కువ కాలము నిలుస్తుంది. ఎంపిక ఈ రెంటి మధ్యనే.

సూదితో విడదీయడము: పారిస్‌లోని కీళ్ళవ్యాధుల నిపుణులు 1970వ దశకములో ప్రచారములోనికి తెచ్చిన పద్ధతి. చర్మమునకు మాత్రమే కొద్దిగా మత్తుమందు ఇస్తారు. నాడి మొద్దుబారితే అది సూదికి తగిలినట్లు రోగికి తెలియదు కాబట్టి ఈ జాగ్రత్త. సూది మొనను చిన్న కత్తిగా వాడి పేటను రెండు మూడు చోట్ల కోసి, వేలిని సాగదీస్తే పేట తెగుతుంది. మధ్యలో వేలి కొనను కదపమంటారు. సూది దానితో పాటు ఊగితే స్నాయువులో గుచ్చుకొన్నదని గ్రహించి వెనుకకు తీస్తారు. చర్మము చిట్లవచ్చును గాని కొద్ది రోజులలోనే చేతిని వాడుకోవచ్చును.

సూదిమందు: క్లోస్ట్రిడియమ్ సూక్ష్మజీవి నుండి తీసిన కొల్లాజినేజ్ అనే ఎంజైము పేటలోని కొల్లాజెన్‌ను కరిగిస్తుంది. 0.58 మి.గ్రా. మందును పేటలోనికి ఎక్కించి, 1 నుండి 3 రోజుల తరువాత వేలిని సాగదీసి పేటను తెంచుతారు. వాపు, కమిలిన మచ్చలు, చర్మము చిట్లడము సామాన్యము. మందు స్నాయువులోనికి పోతే అది తెగిపోయే ప్రమాదము అరుదుగా ఉన్నది. అమెరికాలో 2010లో అనుమతి లభించిన ఈ మందును, వ్యాపార కారణములతో ఐరోపా తదితర మార్కెట్ల నుండి 2020 నాటికి ఉపసంహరించారు. కాబట్టి అమెరికాలోని తెలుగువారికి అందుబాటులో ఉన్న ఈ ఎంపిక చాలా దేశములలో లేదు.

శస్త్రచికిత్స: చేతికి మత్తు ఇచ్చి, రక్తప్రవాహమును పట్టీతో ఆపి, చర్మమును వంకరటింకరగా కోసి, నాడులను కంటితో చూస్తూ వ్యాధిగ్రస్తమైన పొరను తొలగిస్తారు. తిన్నని నిలువు కోత పెడితే మచ్చయే ముడుచుకొని వేలిని మరల వంచుతుంది. గాయము మానడానికి కొన్ని వారములు పట్టును. చేతి వ్యాయామములు అవసరము. నాడి తెగడము, చీము పట్టడము, చేయి బిగుసుకొనిపోవడము దీని ప్రమాదములు. మళ్ళీ మళ్ళీ వచ్చే వ్యాధికి చర్మమును కూడా తొలగించి, వేరొక చోటి చర్మమును అతుకుతారు.

నెదర్లాండ్స్‌లో సూదిని, శస్త్రచికిత్సను పోల్చిన అధ్యయనములో (2012) అయిదేళ్ళలో వంపు తిరిగి వచ్చినవారు సూది వర్గములో సుమారు 85 శాతము, శస్త్రచికిత్స వర్గములో 21 శాతము. ఫిన్లాండులో మూడు పద్ధతులను పోల్చిన పరీక్షలో (2024) మూడు నెలల నాటికి ఫలితములు ఇంచుమించు సమానము. రెండేళ్ళకు శస్త్రచికిత్స ముందంజలో నిలిచింది.

ఒక పోలిక

ఇద్దరు రోగులను ఊహించుకొందాము. మొదటివానికి 68 ఏళ్ళు, గుండెజబ్బు ఉన్నది. ఉంగరపు వేలి మొదటి కీలులో 60 డిగ్రీల వంపు, నడిమి కీలులో ఏమీ లేదు. రెండవవానికి 50 ఏళ్ళు. చిటికెన వేలి నడిమి కీలులో 60 డిగ్రీలు, మొదటి కీలులో ఏమీ లేదు. ఇద్దరిదీ మొత్తము 60, ఇద్దరిదీ రెండవ దశయే.

మొదటివానికి పేట అరచేతిలో స్పష్టముగా తేలి ఉంటుంది. సూదితో విడదీస్తే వేలు దాదాపు పూర్తిగా సాగవచ్చును. కొన్నేళ్ళకు వంపు తిరిగి వస్తే అదే చికిత్సను మరల చేయవచ్చును. గుండెజబ్బు ఉన్నవానికి పెద్ద శస్త్రచికిత్స కంటె ఇది మేలు. రెండవవానికి పేట వేలిలో ఉన్నది, నాడి స్థానము తప్పి ఉండవచ్చును, కీలు గుళిక కుంచించుకొని ఉండవచ్చును. నాడిని చూస్తూ చేసే శస్త్రచికిత్సయే అతనికి సాధారణముగా తగినది. అప్పటికీ కొంత వంపు మిగలవచ్చునని వైద్యుడు ముందే చెప్పాలి. ఇతడే వంపు 20 డిగ్రీలున్నప్పుడు వచ్చి ఉంటే మంచి ఫలితము దక్కే అవకాశము ఎక్కువ.

చికిత్స తరువాత

వేలు వెంటనే తెల్లబడినా, స్పర్శ పోయినా, కొనను వంచలేకపోయినా ఆలస్యము చేయక వైద్యునికి చూపించాలి. మొదటిది రక్తనాళమునకు, రెండవది నాడికి, మూడవది స్నాయువుకు దెబ్బ తగిలిన గుర్తులు. శస్త్రచికిత్స తరువాత రాత్రివేళ బద్ద కట్టడము చాలాకాలము అందరికీ ఆనవాయితీగా ఉండేది. బ్రిటన్‌లో 2011లో వెలువడిన ఒక పరీక్షలో దాని వలన అదనపు ప్రయోజనము కనబడలేదు. అందుచేత వేలు మళ్ళీ వంగడము మొదలైన వారికి మాత్రమే బద్దను సూచించే వైద్యులు ఇప్పుడు ఉన్నారు.